సింగిల్ హ్యాండ్ బండి

దేవేంద్రప్ప అన్నకు ఇంగ్లీషులో నాలుగు ముక్కలంటే ప్రాణం. సింగిల్ హ్యాండ్, షోరూమ్ కండిషన్, పేపర్స్ క్లియర్, అర్జెంట్ సేల్. దుకాణానికి ఏ బండి వచ్చినా ఈ నాలుగూ రాసి పెట్టేయమంటాడు. సీటు చిరిగి స్పాంజి బయటికొచ్చిన బండికీ షోరూమ్ కండిషనే. ఆరు నెలలుగా మూలన పడి గాలి దిగిపోయిన బండికీ అర్జెంట్ సేలే. ఆ షోరూమ్ ఏ ఊళ్ళో ఉందో ఒకసారి నన్ను తీసుకుపోయి చూపించన్నా అని అడిగాను. నవ్వి ఊరుకున్నాడు.

ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు మీద ఆయనది ఆటో కన్సల్టెన్సీ. పేరులో ఆటో ఉందని ఆటోలు అడగొద్దు. పాత మోటారు సైకిళ్ళు కొని అమ్మడం, ఇతరుల బండ్లు కమిషన్ మీద అమ్మిపెట్టడం మా పని. నా పేరు కృప. రోజూ నందవరం నుంచి బస్సులో వస్తాను. యాప్‌లో బండ్ల ప్రకటనలు పెట్టడం, వాటికి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పడం నా వంతు. కూర్చుని చేసే పనే గానీ నోటికి మాత్రం విశ్రాంతి ఉండదు. నాకు కోపం తొందరగా వస్తుందని అన్న అంటాడు. వచ్చే ఫోన్లు ఒక్కరోజు ఆయన ఎత్తితే తెలుస్తుంది.

ప్రకటన పెట్టడం బయటివాళ్ళు అనుకున్నంత చిన్న పని కాదు. కంపెనీ, మోడల్, ఏడాది, తిరిగిన కిలోమీటర్లు, ఎన్నో ఓనరు, ధర, వీటన్నింటికీ యాప్‌లో గడులుంటాయి. పైన టైటిల్‌కు ఒక్క లైను. జనం వెతికితే బండి కనబడేది ఆ లైనులోని మాటల వల్లనే, ఆ గడుల వల్లనే. సూపర్ బండి కావాలని ఎవరూ వెతకరు. స్ప్లెండర్ కావాల్సినవాడు స్ప్లెండర్ అనే కొడతాడు, ఏడాది కొడతాడు, ఊరు కొడతాడు. మా వైపు ఏ కంపెనీ స్కూటరైనా స్కూటీయే కాబట్టి, స్కూటరు పెట్టినప్పుడు అసలు పేరు టైటిల్లో పెట్టి, స్కూటీ అనే మాట కింద వివరణలో ఎక్కడో ఒకచోట ఇరికిస్తాను. మోడల్ గడిలో తప్పు నొక్కామా, ఆ బండి వెతికేవాడి కంటికి ఆనదు. ఇదంతా చేసి చేసి నేర్చుకున్నాను. ఆ నాలుగు ముక్కల దగ్గర మాత్రం అన్నతో గెలవలేకపోయాను.

సింగిల్ హ్యాండ్ అంటే మొదటి నుంచి ఒకే ఓనరు చేతిలో ఉన్న బండి. బండ్ల దగ్గర తిరిగేవాళ్ళకు ఆ సంగతి తెలుసు. అందరికీ తెలుసని మేమూ అనుకున్నాం.

మార్కెట్ యార్డుకు పత్తి రావడం మొదలైన రోజుల్లో, మధ్యాహ్నం పూట ఒక మనిషి దుకాణంలోకి వచ్చాడు. ముప్పై దాటి ఉంటాయి. ఎడమచెయ్యి ప్యాంటు జేబులో ఉంది. కుడిచేత్తో ఫోను చూపించి ఈ సింగిల్ హ్యాండ్ బండి ఎక్కడుందని అడిగాడు. అది నేను పెట్టిన ప్రకటనే. అన్న ఉత్సాహంగా లేచి ఎర్ర స్ప్లెండర్ దగ్గరికి తీసుకుపోయాడు. వచ్చినతను ఇంజన్ చూడలేదు, టైర్లు చూడలేదు. నేరుగా ఎడమవైపుకు పోయి హ్యాండిల్ ముందు నిలబడ్డాడు. క్లచ్ లివర్‌ను చూశాడు, వంగి కిందికి చూశాడు, మళ్ళీ లివర్‌ను చూశాడు.

"క్లచ్ ఈడనే ఉంది కదన్నా," అన్నాడు.

ఇంకెక్కడుంటుందప్పా అని అన్న గట్టిగా నవ్వాడు. దుకాణంలో ఉన్న మరో ఇద్దరు బేరగాళ్ళూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు అతను జేబులోంచి చెయ్యి తీశాడు. అరచెయ్యి ఉంది, బొటనవేలు ఉంది. మిగతా నాలుగు వేళ్ళూ లేవు.

"సింగిల్ హ్యాండ్ అని మీరే రాసినారు కదన్నా. ఒక సేత్తో నడిపే బండి అనుకోని వచ్చినాను."

అన్న తన సొంత కుర్చీ తెచ్చి వేశాడు. నేను నీళ్ళిచ్చి, ఆ మాటకు అర్థం ఏమిటో చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది. తెలుగు మాట వదిలేసి మేం ఇంగ్లీషు మాట ఒకటి పట్టుకున్నాం, ఆ మాటను అతను ఉన్నదున్నట్టు చదువుకున్నాడు. చదివినవాడి తప్పేముంది.

అతని పేరు శివకుమార్. హాలహర్వి దగ్గర పల్లె. రెండేళ్ళ కిందట ఆదోనిలోనే పత్తి నుంచి గింజలు తీసే ఒక జిన్నింగ్ మిల్లులో పనిచేస్తూ వేళ్ళు పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి బండి నడపలేదు. ఎక్కడికి పోవాలన్నా ఎవరినో బతిమాలి వెనక కూర్చుని పోతున్నాడు. ఇప్పుడు కరెంటు మీటర్లు చూసి బిల్లులు కొట్టే పని ఒకటి దొరికేలా ఉంది. ఊరూరూ తిరగాలి. సొంత బండీ, నడపడానికి లైసెన్సూ ఉంటేనే రమ్మని కాంట్రాక్టరు చెప్పాడట, వచ్చే నెల బిల్లింగ్ మొదలయ్యేలోగా. లైసెన్సు అతనికి ముందునుంచీ ఉంది. అయినా ఆర్టీవో ఆఫీసుకు పోయి అడిగాడు. డాక్టరు సర్టిఫికెట్టూ, నడపబోయే బండీ తీసుకురా, నడిపించి చూసి చెబుతామన్నారు. బండే కావాలి. భార్య రూప సింగిల్ హ్యాండ్ బండి అని ఫోన్‌కు నోటితో చెప్పి వెతికితే మా ప్రకటన కనబడింది. బస్సెక్కి వచ్చేశాడు.

స్కూటరు తీసుకోవచ్చు కదా, దానికి క్లచ్ ఉండదు కదా అన్నాను. అదీ చూశాడట. స్కూటరుకు వెనక బ్రేకు ఎడమచేతికే ఉంటుంది. వేళ్ళు లేకుండా అది నొక్కలేడు. ఒక్క ముందు బ్రేకు నమ్ముకుని కంకర రోడ్డు మీద పోతే జారి పడడమే. కాలికి బ్రేకు ఉండాలి, చేతికి క్లచ్ ఉండకూడదు. అలాంటి బండి ఉంటుందా అని అడిగాడు. అన్న తలకాయ గోక్కున్నాడు. నాకూ తెలియలేదు.

నీళ్ళు తాగి, చెయ్యి మళ్ళీ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. బస్సు దుమ్ము కూడా కనబడకుండా పోయాక గానీ నాకు గుర్తుకు రాలేదు, నంబరు తీసుకోలేదని. అతను ఫోన్ చేయలేదు, నేరుగా వచ్చాడు. యాప్‌లో వెతికినా ఆ పేరుతో మాకు మెసేజీ ఏదీ లేదు.

ఆ సాయంత్రం ప్రకటనలన్నింటిలో సింగిల్ హ్యాండ్ తీసేసి, ఆర్‌సీలో ఒకే ఓనరు అని రాశాను. పనిలో పనిగా షోరూమ్‌ను కూడా ఊరు దాటించాను. అన్న చూసి, మనుషులు ఆ మాటతోనే వెతుకుతారు, ఇట్లైతే ఫోన్లు ఎట్ల వస్తాయని గొణిగాడు. గొణిగాడే గానీ తిరిగి పెట్టమనలేదు. తన నవ్వు ఆయనకూ గుచ్చుకున్నట్టుంది.

మా పుస్తకంలో అప్పటికి రెండు నెలలుగా కదలని బండి ఒకటుంది. ఎమ్మిగనూరులో నూలు దుకాణం ఉన్న ఉరుకుందప్ప అనే పెద్దాయనది. బండి ఆయన ఇంటి దగ్గరే ఉంది, వాట్సాప్‌లో ఫొటోలు పంపితే అన్న తన చేత్తోనే ప్రకటన పెట్టాడు. టీవీఎస్ బండి, గుడ్ కండిషన్, అర్జెంట్ సేల్. ఏ మోడలో తెలియక ఇతర మోడళ్ళు అనే గడి నొక్కాడు. ముగ్గురు పోయి చూసి వచ్చి, క్లచ్ పోయిన బండికి గుడ్ కండిషన్ అని రాస్తారా అని నన్ను తిట్టారు. అన్న రాసినదానికి తిట్లు నాకు. ఉరుకుందప్పకు ఫోన్ చేసి అడిగితే క్లచ్‌కు ఏమీ కాలేదమ్మా అంటాడు, ఇంకేమైనా అడిగితే ఫోన్ పెట్టేస్తాడు.

కళ్ళతో చూడనిదే ఇక ఒక్క ముక్క రాయనని అన్నకు చెప్పాను. ఎమ్మిగనూరు నేను రోజూ దాటిపోయే ఊరే. మర్నాడు పొద్దున అక్కడే బస్సు దిగి ఉరుకుందప్ప ఇంటికి పోయాను.

డెబ్బై దగ్గర పడిన మనిషి. తెల్ల పంచె, తెల్ల చొక్కా, కంటి ఆపరేషన్ అయినవాళ్ళు పెట్టుకునే నల్ల అద్దాలు. బండి వరండాలో శుభ్రంగా తుడిచి ఉంది. ముందు ఆర్‌సీ చూపించమన్నాను. ఇదిగో అదిగో అని కాసేపు తిరిగాడు. ఇచ్చాక చూస్తే మోడల్ దగ్గర జైవ్ అని ఉంది, 2011 జూన్ రిజిస్ట్రేషన్. ఆ పేరు బండి మీద ఎక్కడా లేదు. స్టిక్కరు ఉండాల్సిన చోట నల్ల రంగు పూసి ఉంది.

ఎడమ లివర్ నొక్కాను. గాలిని నొక్కినట్టుంది. లివర్ నుంచి కేబుల్ ఒకటి బయలుదేరి హెడ్‌లైటు వెనక్కి పోయింది. నేను వేలితో పట్టి లాగాను. జానెడు కేబుల్ ముక్క చేతిలోకి వచ్చింది. దాని రెండో కొస ఎక్కడా తగిలించి లేదు.

నేను ఆ ముక్కను చూశాను. ఉరుకుందప్ప గోడను చూశాడు.

"ఏందప్పా ఇది," అన్నాను.

గోడవైపే చూస్తూ చెప్పాడు. వయసులో ఉన్నప్పటి నుంచి ఆయనకు క్లచ్ పట్టుబడలేదు. వదిలితే బండి ఎగిరేది, లేదా ఆగిపోయేది. ఎమ్మిగనూరు బస్టాండు ముందు అందరూ చూస్తుండగా ఆగిపోయి వెనక లారీ హారను కొడుతుంటే బండి దిగి తోసుకుపోయిన రోజులున్నాయి. ఆ తర్వాత ఈ మోడల్ వచ్చింది. గేర్లుంటాయి, కాలితో మార్చుకోవాలి, క్లచ్ మాత్రం బండే చూసుకుంటుంది. లివర్ కంపెనీ నుంచే ఉండదు. సంతోషంగా కొన్నాడు. నూలు బజారులో తోటివాళ్ళు చూసి, క్లచ్ పట్టలేని మగాడికి కంపెనీవాళ్ళు ప్రత్యేకంగా చేసిచ్చినారని ఏడిపించారు. వారం తిరగకుండా ఒక మెకానిక్ దగ్గరికి పోయి ఏదో పాత బండి లివర్ తెచ్చి బిగించుకున్నాడు. పేరు కనబడకుండా రంగు పూయించాడు. అప్పటినుంచి బజారులో గేరు మార్చిన ప్రతిసారీ ఆ ఉత్తుత్తి లివర్ నొక్కుతూ వచ్చాడు.

ఇంకో రోజైతే నేను పడీ పడీ నవ్వేదాన్ని. ఆ రోజు నాకు శివకుమార్ అడిగిన బండి గుర్తుకొచ్చింది. వెనక బ్రేకు ఎక్కడుందని అడిగాను. కుడికాలికి అన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని నా చేత్తో పెడల్ నొక్కి చూశాను. కుడికాలికే.

క్లచ్ లేదన్న మాట ప్రకటనలో రాస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. కావాలంటే బండి ఇంట్లోనే తుప్పు పట్టనీ అన్నాడు. పేరు వేయను, ఫోన్ నంబరు కూడా మా దుకాణానిదే అని చెప్పాను. బండి చూస్తే ఎమ్మిగనూరంతా గుర్తుపడుతుందన్నాడు. అదీ నిజమే. అప్పుడు శివకుమార్ సంగతి చెప్పాను. జేబులో చెయ్యి సంగతి, మా దుకాణంలో మేం నవ్విన సంగతి, కాంట్రాక్టరు చెప్పిన గడువు, అన్నీ చెప్పాను.

పెద్దాయన నల్ల అద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. లోపలికి పోయి స్పానర్ తెచ్చాడు.

"నేను నవ్వుతారని దాసిపెట్టినాను. ఆ పిల్లోడు దాని కోసరం దేవులాడతాండాడా," అని తనలో తను అనుకున్నట్టు అంటూ, తనే వంగి లివర్ ఇప్పేశాడు. రాయమ్మా అన్నాడు.

అక్కడే వరండాలో కూర్చుని బండిని రెండు వైపులా, ముందు, వెనక, మీటరు, టైర్లు, పగిలిన చోట్లు, లివర్ లేని ఎడమ హ్యాండిల్ దగ్గరగా, అన్నీ ఫొటోలు తీశాను. ఉరుకుందప్పతో కిక్ కొట్టించి ఇంజన్ విన్నాను. తర్వాత టైటిల్ దగ్గర ఆగిపోయాను. నంబరు లేని మనిషిని ఈ ఒక్క లైనుతో పిలవాలి. జైవ్ అని అతను వెతకడు, ఆ పేరే తెలియదు. రూప ఫోన్‌కు నోటితో ఏం చెబుతుంది. మళ్ళీ అదే చెబుతుంది. ఏ మాటనైతే నేను కోపంతో అన్ని ప్రకటనల్లోంచీ పీకేశానో, ఆ మాటే చెబుతుంది. ఒకసారి మోసపోయింది కాబట్టి దాని పక్కన క్లచ్ లేని అని కూడా చేర్చి అడగొచ్చు. రెండూ పెట్టాను. అర్థం తేడా రాకుండా కింద విడమరిచి రాశాను. మోడల్ గడి కూడా సరిదిద్దాను. ఇది ఆ ప్రకటన.

టీవీఎస్ జైవ్ 110 సీసీ, 2011, క్లచ్ లేని గేర్ బండి, సింగిల్ హ్యాండ్, ఎమ్మిగనూరు.

నాలుగు గేర్ల మోటారు సైకిలు. క్లచ్ లివర్ కంపెనీ నుంచే లేదు, తెగిపోయింది కాదు. యాక్సిలరేటర్ వదిలి ఎడమకాలితో గేరు మార్చాలి. ముందు బ్రేకు కుడిచేతికి, వెనక బ్రేకు కుడికాలికి. ఎడమచేతి దగ్గర ఉండేవి హారను, లైటు, ఇండికేటర్ స్విచ్చులే. హ్యాండిల్ మాత్రం రెండు చేతులతో పట్టుకునే నడపాలి. వికలాంగుల కోసం మార్చిన బండి కాదు. చేతికి దెబ్బ తగిలినవాళ్ళు డాక్టరును, ఆర్టీవో ఆఫీసును అడిగాకే రోడ్డెక్కండి. ఇక్కడ సింగిల్ హ్యాండ్ అంటే ఆర్‌సీలో ఒకే ఓనరు అని. ఆర్‌సీ గడువు 2026 జూన్ వరకే, తర్వాత ఫిట్‌నెస్ చూపించి రెన్యూవల్ చేయించుకోవాలి. ఇన్సూరెన్స్ అయిపోయింది. మీటరు 41 వేల కిలోమీటర్ల దగ్గర ఆగి చాలా కాలమైంది, అసలు ఎంత తిరిగిందో ఓనరుకే తెలియదు. సెల్ఫ్ పనిచేయదు, కిక్ కొట్టాలి. వెనక టైరు అరిగిపోయింది, మార్చాల్సిందే. సైలెన్సర్‌కు తుప్పు ఉంది. ఎడమ సైడ్ ప్యానెల్ పగిలితే అతికించారు. ఇంజన్ ఇప్పలేదు, ఆయిల్ కారడం లేదు. మైలేజీ కొలవలేదు. ఈ మోడల్ ఇప్పుడు తయారు కావడం లేదు, కొన్ని స్పేర్ల కోసం కర్నూలులోనో బళ్ళారిలోనో వెతుక్కోవాలి.

దేవేంద్రప్ప అన్న అది రెండుసార్లు చదివి, "ఇది అమ్మే ప్రకటనామ్మా, ఆస్పత్రి చీటీనా," అన్నాడు. బండికి ఉన్న రోగాలే రాశానన్నా, కొత్తవి అంటించలేదన్నాను.

ఫోన్లు వచ్చాయి. దేవనకొండ నుంచి ఒకడు, క్లచ్ లేదంటివి, చక్రాలన్నా ఉన్నాయా అని అడిగాడు. చక్రాలు ఉన్నాయి, పని లేనివాళ్ళకు అమ్మం అన్నాను. స్పేర్ల కోసం విడగొట్టి అమ్ముకుంటానని ఒక పాత సామాన్ల వ్యాపారి రెండుసార్లు చేశాడు. అన్న నా ముఖం చూసి, ఇంకా కొన్నాళ్ళు ఆగుదాంలే అని అతనికి చెప్పాడు. బేరం దగ్గర దేవేంద్రప్ప ఆగడం నేను చూడడం అదే మొదటిసారి. కావాల్సిన ఫోన్ మాత్రం రాలేదు. రోజులు గడుస్తున్నాయి. ఒకసారి మోసపోయిన మనిషి మళ్ళీ మా ప్రకటనలు ఎందుకు చూస్తాడు. ఆ పని ఈపాటికి ఎవరికో ఇచ్చేశారేమో. బస్సులో కూర్చుని, ప్రభువా ఆ పిల్ల చేత ఇంకొకసారి ఫోన్‌కు ఆ మాట చెప్పించు అని ప్రార్థన చేసుకున్నాను. ఇలాంటి ప్రార్థన పాస్టరుగారు విని ఉండరు.

ఒక శుక్రవారం ఆడ గొంతు పలికింది. నమస్కారం లేదు, పేరు లేదు. క్లచ్ లేదు అంటే మీ అర్థంలో లేదా, మా అర్థంలో లేదా అని నేరుగా అడిగింది.

రూప అని నాకు తెలిసిపోయింది. మీ అర్థంలోనే లేదమ్మా, నా చేత్తో చూశాను అన్నాను. వెనక బ్రేకు కాలికేనా అని అడిగింది. కాలికేనన్నాను. పని ఇంకా ఉందా అని నేనే అడిగాను. సోమవారం సాయంత్రం లోపల బండి చూపించమని కాంట్రాక్టరు అన్నాడట. ఆయన రానంటాండాడక్కా, మళ్ళా నవ్వించుకునేకి పోవాల్నా అంటాండాడు, అంది. నేను తీస్కొస్తాలే అని పెట్టేసింది.

శనివారం పొద్దున ఇద్దరూ ఎమ్మిగనూరు వచ్చారు. నేనూ అన్నా ముందే చేరుకున్నాం. బండిని కాలేజీ గ్రౌండుకు తోసుకుపోయాం. రోడ్డు మీద నడపడానికి ఇన్సూరెన్స్ లేదు, అతన్ని ఆర్టీవో వాళ్ళు చూడనూ లేదు. శివకుమార్ మా ఎవరి ముఖమూ చూడలేదు. చెయ్యి జేబులోనే ఉంది. రూప మాత్రం ఫోన్ తీసి ప్రకటన ముందు పెట్టుకుని పరీక్ష మొదలుపెట్టింది. అరిగిన టైరు చూసింది, ఉంది అంది. తుప్పు చూసింది, ఉంది అంది. అతికించిన ప్యానెల్ గోకి చూసింది. సెల్ఫ్ నొక్కి చూసింది, పనిచేయలేదు. ఇన్ని లోపాలు ఒక్కొక్కటే దొరుకుతుంటే ఆమె ముఖం వికసిస్తూ వచ్చింది. నాకు ముందు అర్థం కాలేదు. చెడ్డవన్నీ నిజమైతే మంచిదొక్కటి కూడా నిజమే అయి ఉంటుందని ఆ పిల్ల లెక్క.

చివరికి భర్త చెయ్యి పట్టుకుని, ఎడమవైపుకు తెచ్చి నిలబెట్టింది. హ్యాండిల్ పిడి ఉంది, స్విచ్చులున్నాయి. లివర్ లేదు. లివర్ బిగించి ఉన్న చోట మాత్రం ఉంగరం తీసిన వేలికి ఉన్నట్టు గుండ్రటి గుర్తు మిగిలింది.

ఉరుకుందప్ప దగ్గరికొచ్చి నడపడం చెప్పాడు. యాక్సిలరేటర్ వదులు, కాలితో ఒత్తు, మళ్ళీ మెల్లగా ఇవ్వు. గురువు లేని విద్యను పద్నాలుగేళ్ళు దాచుకున్న మనిషి, ఇప్పుడు గురువై చెబుతుంటే గొంతు కొంచెం పెద్దదైంది. శివకుమార్ కిక్ కొట్టాడు. అరచెయ్యి ఎడమ పిడి మీద ఆనించి బొటనవేలు చుట్టాడు. బండి కదిలింది. మొదటి గేరులోనే గ్రౌండు అంచు దాకా పోయాడు, రెండోది వేశాడు, తిరిగాడు. మూడోది పడిన చప్పుడు ఇక్కడికి వినిపించింది. బ్రేకు కొట్టు అని రూప అరిచింది. కొట్టాడు, ఆగింది, మళ్ళీ కదిలాడు.

మా ముందుకు వచ్చి ఆపాడు. ఆపుతున్నప్పుడు ఆ అరచెయ్యి పిడి మీది నుంచి ముందుకు జరిగింది, లేని వేళ్ళతో లేని లివర్ కోసం. పాత అలవాటు. క్లచ్ పట్టకుండా గేరులో ఆపితే ఏ బండైనా ఎగిరి ఆగిపోతుంది. అది తెలిసి అతని ఒళ్ళు బిగుసుకోవడం నేను చూశాను. ఇది ఆగిపోలేదు. గేరులోనే ఉండి, తన పాటికి తను కుదురుగా గురగురమంటూ నిలబడింది.

శివకుమార్ తన చేతివైపు చూసుకున్నాడు. తర్వాత మొదటిసారి నవ్వాడు.

"పద్నాలుగేండ్లు నేను ఉత్తిదే నొక్కితి నాయనా," అన్నాడు ఉరుకుందప్ప. "అది అడగనే అడగల్యా."

అన్న పక్కకు తిరిగి, కాగితాలు ఇప్పుడే రాసుకుందామా, సోమవారం పొద్దున ఆర్టీవో ఆఫీసుకు బండిని ట్రాలీలో వేయించి పంపుతాను, ఇన్సూరెన్స్ ఈరోజే కట్టిద్దాం అని గబగబా చెప్పసాగాడు. కమిషన్ మాట ఎత్తలేదు. ఎత్తితే నేను ఊరుకునేదాన్ని కాదు, ఆయనకూ తెలుసు. నేను ఫోన్ తీసి ప్రకటన తెరిచాను, అమ్ముడైంది అని పెట్టడానికి. అక్షరాలు మసకగా కనిపించాయి. ఏడుస్తున్నానని అప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళుగా ఎన్ని బండ్లు అమ్మానో లెక్క లేదు, ఒక్కదానికీ ఏడవలేదు.

శివకుమార్ బండి దిగలేదు. రూప ఇంకా ఫోన్‌లోనే వెతుకుతోంది, ఇంకేదైనా లోపం చూడకుండా వదిలేశామా అని.

"సదివింది సాలు గానీ రా రూపా," అన్నాడు. "ఎనక కూర్చో."

వేళ్ళు లేని ఆ చెయ్యి పైకెత్తి, అందరం చూస్తుండగా, దాంతోనే పిలిచాడు.